తోడేలు కుక్క ఎలా అయింది? ఒక పాత సమాధి చుట్టూ తరచుగా అడిగే ప్రశ్నలు

కుక్కల పుట్టుక గురించి మాట వచ్చిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి. అన్నిటికీ సమానంగా జవాబులు రాయలేదు. ఎక్కువ చోటు ఒక కుక్కపిల్లకే ఇచ్చాను. అది 14 వేల ఏళ్ల క్రితం, ఏడు నెలల వయసు కూడా నిండకుండా చనిపోయింది. మనిషికీ కుక్కకీ మధ్య తొలి బంధం ఎలా ఉండేదో ఊహలతో కాకుండా ఎముకలు, పళ్లతో చెప్పగలిగే చోట్లు చాలా తక్కువ. వాటిలో ఇదొకటి.

కుక్క నిజంగా తోడేలు నుంచే వచ్చిందా? నక్క, గుంటనక్క లాంటివి కలవలేదా?

తోడేలు నుంచే వచ్చింది. అందులోనూ బూడిద రంగు తోడేలు అనే ఒక్క జాతి నుంచే. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఈ విషయంలో గొడవ తీరిపోయింది.

కానీ చాలామంది ఇక్కడ ఒక పొరపాటు పడతారు. ఇప్పుడు అడవుల్లో తిరిగే తోడేళ్లు కుక్కలకు తాతముత్తాతలు కావు. దాయాదులు అనుకోవచ్చు. ఇద్దరికీ మూలమైన పాత తోడేళ్ల గుంపు ఎప్పుడో అంతరించిపోయింది. దాని నుంచి ఒక పాయ కుక్కలైంది, ఇంకో పాయ నేటి తోడేళ్లయింది. అందుకే ఇప్పటి తోడేలు ప్రవర్తనను చూసి "మొదటి కుక్క కూడా ఇలాగే ఉండేది" అని చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్త కావాలి. మధ్యలో ఈ వేల ఏళ్లలో తోడేలు కూడా మారింది. మనిషి వేటాడి తరిమిన కొద్దీ, మనిషంటే భయపడని తోడేళ్లు ముందు చచ్చాయి, భయపడేవి మిగిలాయి.

ఒకరు 15 వేల ఏళ్లంటారు, ఒకరు 40 వేలంటారు. ఏది నిజం?

రెండూ వేరు వేరు సంగతులకు చెప్పే లెక్కలు. అందుకే అంత తేడా కనిపిస్తుంది.

డీఎన్ఏ చూసేవాళ్లు అడిగేది, కుక్కలకు పూర్వీకులైన తోడేళ్లు మిగతా తోడేళ్ల నుంచి ఎప్పుడు విడిపోయాయి అని. ఆ లెక్కలు సుమారు 20 వేల నుంచి 40 వేల ఏళ్ల మధ్య వస్తాయి. కానీ విడిపోవడం అంటే మనిషి దగ్గరికి రావడం అని అర్థం కాదు. మంచు అడ్డు వచ్చి రెండు గుంపులు ఒకదానికొకటి దూరమైనా విడిపోయినట్టే. ఆ తర్వాత ఎన్నో వేల ఏళ్లకు అందులో ఒక గుంపు మనిషికి దగ్గరై ఉండొచ్చు.

ఎముకలు తవ్వేవాళ్ల ప్రశ్న వేరు. చూడగానే ఇది తోడేలు కాదు, కుక్కే అని చెప్పగలిగిన మొదటి ఎముక ఎప్పటిది? దానికి జవాబు సుమారు 14 వేల ఏళ్లకు పైన, 15 వేలకు కాస్త ఇటు. అసలు మార్పు అంతకుముందే మొదలై ఉండాలి, ఎందుకంటే ఒంటి ఆకారం మారడానికి తరాలు పడుతుంది. కాబట్టి ఎవరైనా ఒకే అంకె చెబితే, "ఏ ప్రశ్నకు?" అని అడగండి.

ఎక్కడ జరిగింది?

2022లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ నాయకత్వంలో జరిగిన పరిశోధన గత లక్ష ఏళ్లలో బతికిన 72 పాత తోడేళ్ల జన్యువులను కుక్కలతో పోల్చింది. కుక్కలు పడమటి ఐరోపా పాత తోడేళ్ల కన్నా సైబీరియా వైపు తూర్పు తోడేళ్లకు దగ్గరగా ఉన్నాయి. పశ్చిమాసియా, ఆఫ్రికా కుక్కల్లో మాత్రం పడమటి తోడేళ్ల వాటా కూడా కనిపించింది. అయితే ఆ 72లో ఏదీ కుక్కకు నేరుగా తల్లి గుంపు కాలేదు. ఆసియా అనడానికి మొగ్గు ఉంది కానీ, మ్యాప్ మీద వేలు పెట్టి చూపించే స్థితి రాలేదు.

అందరూ ఒప్పుకునే పాత కుక్క ఏది?

జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఒబెర్కాసెల్ అనే చోట దొరికిన కుక్కపిల్ల. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి.

1914 ఫిబ్రవరిలో అక్కడి రాతి క్వారీలో కూలీలు పని చేస్తుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. కబురు బాన్ విశ్వవిద్యాలయానికి చేరి ప్రొఫెసర్లు వచ్చేసరికి చాలావరకు తవ్వడం అయిపోయింది. అక్కడ ఒక మధ్యవయసు మగమనిషి, పాతికేళ్ల లోపో అటూ ఇటూగానో ఉన్న ఒక స్త్రీ ఉన్నారు. శవాల మీద జాజు రంగు పొడి చల్లి, పైన పెద్ద పెద్ద నల్లరాళ్లు పరిచారు. పక్కన ఎముకతో చేసిన సూది లాంటిది, దుప్పి కొమ్ముతో చెక్కిన చిన్న జంతువు బొమ్మ పెట్టారు. కాలం సుమారు 14,200 ఏళ్ల క్రితం. మంచుయుగం చివరి దశ. వ్యవసాయం పుట్టడానికి ఇంకా వేల ఏళ్లు ఉంది. వీళ్లు వేటాడి, ఏరుకుని, చోటు మార్చుకుంటూ బతికే జనం.

మనుషుల ఎముకలతో పాటు కొన్ని జంతువు ఎముకలు కూడా వచ్చాయి. వాటిని తోడేలువి అనుకుని పక్కన పెట్టేశారు. మ్యూజియంలో అరవై ఏళ్లకు పైగా అలా పడున్నాయి. 1970ల చివర్లో మళ్లీ తీసి చూసినప్పుడు గానీ అది తోడేలు కాదు, కుక్క అని తేలలేదు. తర్వాత తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ పరీక్ష కూడా దాన్ని నేటి కుక్కల శాఖల్లోనే కూర్చోబెట్టింది. దవడ ఆకారం, డీఎన్ఏ, మనుషులతో కలిపి పూడ్చడం, మూడూ ఒకే మాట చెప్పడం వల్లే దీని మీద పేచీ తక్కువ.

అంతకన్నా పాతవి ఉన్నాయని చదివాను. బెల్జియంలో 36 వేల ఏళ్ల నాటి కుక్క దొరికిందంటారు కదా?

గోయే అనే గుహలో దొరికిన పుర్రె అది. మూతి పొట్టిగా, వెడల్పుగా ఉందని దాన్ని కుక్క అన్నారు. కానీ డీఎన్ఏ చూస్తే అది నేటి కుక్కలకూ చెందలేదు, నేటి తోడేళ్లకూ చెందలేదు. అంతరించిపోయిన ఒక పక్క శాఖ. దాన్ని కుక్క అన్నవాళ్లు అది ఫలించకుండా ఆగిపోయిన ఒక తొలి మచ్చిక ప్రయత్నం కావచ్చంటారు. కాదు, కాస్త వింతగా ఉన్న తోడేలు మాత్రమే అని మిగతావాళ్లంటారు. నా వరకు నాకు రెండో మాటే సబబుగా తోస్తుంది. అప్పటి తోడేళ్ల పుర్రెల్లో ఎంత తేడా ఉండేదో మనకు తెలిసిన నమూనాలు చాలా తక్కువ కాబట్టి, ఒక్క పొట్టి మూతి మీద అంత భారం వేయలేం.

సైబీరియాలో టుమాట్ దగ్గర గడ్డకట్టిన మట్టిలో చర్మంతో సహా దొరికిన రెండు పిల్లల కథ కూడా ఇలాంటిదే. సుమారు 14 వేల ఏళ్ల నాటివి. దగ్గర్లో మనుషులు ఏనుగు జాతి మామత్ ఎముకలు కోసిన గుర్తులు ఉండటంతో, వాటిని మచ్చికైన కుక్కపిల్లలే అనుకున్నారు. 2025లో వచ్చిన పరిశోధన ప్రకారం అవి అక్కాచెల్లెళ్లైన తోడేలు పిల్లలు. ఒకదాని కడుపులో ఉన్ని ఖడ్గమృగం చర్మం ముక్క దొరికింది. మనుషుల తిండి మీద బతికాయనడానికి గుర్తులేమీ లేవు.

ఒబెర్కాసెల్ పిల్లకు జబ్బు చేసిందని ఎలా తెలిసింది?

పళ్ల వల్ల. దీన్ని లూక్ జాన్సెన్స్ అనే పశువైద్యుడు, ఆయన తోటి పరిశోధకులు 2018లో ప్రచురించారు. ఎముకల మీద పని చేసేవాళ్లకు జంతువుల జబ్బులు తెలియడం అరుదు. ఈ పిల్ల అదృష్టం, అది రెండూ తెలిసిన మనిషి చేతిలో పడింది.

పన్ను మీద తెల్లగా గట్టిగా ఉండే పింగాణి పొర ఎలా తయారవుతుందో తెలిస్తే మిగతాది సులువు. శాశ్వత పళ్లు చిగురులోంచి బయటికి రాకముందే దవడ లోపల తయారవుతుంటాయి. పింగాణిని పోసే కణాలు పంటి కొన దగ్గర మొదలుపెట్టి, కొద్దికొద్దిగా వేరు వైపు పోసుకుంటూ వస్తాయి. ఈ మధ్యలో పిల్లకు తీవ్రమైన జ్వరం వస్తే ఆ కణాలు పని ఆపేస్తాయి. జ్వరం తగ్గాక మళ్లీ మొదలుపెడతాయి. ఆగిన చోట పన్ను చుట్టూ అడ్డంగా ఒక గాడిలా లోపం మిగిలిపోతుంది. ఎముకైతే తర్వాత తనను తాను సరిచేసుకుంటుంది. పింగాణికి ఆ శక్తి లేదు. ఒకసారి పడిన గీత పన్ను ఉన్నన్నాళ్లూ ఉంటుంది, 14 వేల ఏళ్లయినా సరే.

కుక్కల్లో ఏ పన్ను ఏ వారంలో ఎంత ఎత్తు తయారవుతుందో పశువైద్యులకు తెలుసు. కాబట్టి గీత ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే అది ఏ వయసులో పడిందో చెప్పొచ్చు. ఒకే పంటి మీద గీత ఉంటే దెబ్బ తగిలిందేమో అనుకోవచ్చు. ఈ పిల్లకు చాలా పళ్ల మీద, ఒకే వయసుకు సరిపోయే ఎత్తుల్లో గీతలున్నాయి. అంటే ఒళ్లంతా కుదిపేసిన జబ్బు.

ఏ జబ్బు? ఎన్నాళ్లు?

పళ్లు చెప్పే లెక్క ఇది. పిల్లకు 19వ వారం దగ్గర, అంటే నాలుగున్నర నెలల వయసులో, మొదటిసారి తీవ్రంగా జబ్బు చేసింది. 23వ వారం లోపల మొత్తం మూడుసార్లు అలా జరిగింది. ప్రతిసారీ ఐదారు రోజులు. ఇక చనిపోయినప్పటి వయసు, ఎముకల చివర్లు ఎంతవరకు అతుక్కున్నాయి, పళ్ల వేళ్లు ఎంత మూసుకున్నాయి అన్నదాన్ని బట్టి, దాదాపు 28 వారాలు.

ఇలా విడతలు విడతలుగా తిరగబెట్టే జ్వరం, ఆ వయసులో, పింగాణిని ఇంతగా పాడుచేసేది అంటే పశువైద్యుడికి ముందు తట్టేది డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు. ఇప్పుడు కుక్కపిల్లలకు వేయించే టీకాల్లో దీనిదీ ఒకటి. జాన్సెన్స్ బృందం కూడా అదే అన్నది.

డిస్టెంపర్ వచ్చిన పిల్లను దగ్గరుండి చూసినవాళ్లకు ఆ వారాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మొదట జ్వరం, కళ్లలోంచీ ముక్కులోంచీ చీమిడి, తిండి మానేయడం. తర్వాత వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు పోయి నీరసం. కొన్నింటికి చివర్లో ఫిట్స్. పట్టించుకోకుండా వదిలేస్తే, తీవ్రంగా వచ్చిన పిల్ల మూడు వారాల్లోపే చనిపోతుంది. ఈ పిల్ల మొదటి జ్వరం తర్వాత ఇంకో ఎనిమిది తొమ్మిది వారాలు బతికింది.

అంటే మనుషులు సేవ చేశారనేనా?

పరిశోధకులు వెళ్లింది ఆ నిర్ణయానికే. వాళ్ల వాదన వరుసగా చూస్తే ఇలా ఉంటుంది. ఇంత జబ్బు పడిన పిల్ల తనంతట తాను వేటాడలేదు, నీళ్ల దగ్గరికి నడవలేదు. అయినా మూడు విడతలూ దాటింది. దాటిందంటే ఎవరో నీళ్లు తాగించి ఉండాలి, తిండి పెట్టి ఉండాలి, వెచ్చగా ఉంచి, వాంతులు, విరేచనాలు తుడిచి ఉండాలి. అప్పట్లో మందు లేదు. నిజానికి ఇప్పుడు కూడా ఆ వైరస్‌ను చంపే మందు లేదు. వైద్యం అంటే నీరసం రాకుండా చూసుకుంటూ, పిల్ల ఒళ్లు దానంతటదే తట్టుకునేదాకా కాపాడటమే. ఆ కాస్త పని గుడారంలో కూడా చేయొచ్చు.

నాకు ఇందులో ముఖ్యంగా అనిపించేది ఆ పిల్ల వయసు. నాలుగున్నర నెలల కుక్కపిల్ల దేనికీ పనికిరాదు. వేటకు రాదు, కాపలాకు పనికిరాదు, బరువు లాగదు. పైగా జబ్బుతో పడుంది. చోటు మారుతూ బతికే జనానికి అది మోయాల్సిన బరువు. పని కోసమే కుక్కను పెంచేవాళ్లయితే ఇలాంటి పిల్లను వదిలేసి, తర్వాతి ఈతలో పిల్లను చూసుకునేవాళ్లు.

దీన్ని అందరూ ఒప్పుకున్నారా?

కుక్క అని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. జబ్బు పేరు, సేవ అన్న మాట దగ్గర అభ్యంతరాలున్నాయి. రెండు గట్టివి చెబుతాను.

మొదటిది, గీత జ్వరం వచ్చిందని చెబుతుంది గానీ ఏ జ్వరమో చెప్పదు. తీవ్రమైన పోషకాహార లోపం, ఇతర వైరస్‌లు కూడా పింగాణిని ఆపగలవు. డిస్టెంపర్ గురించి మనకు దొరికే రాతపూర్వక వర్ణనలు 18వ శతాబ్దం నాటివి. ఆ వైరస్ మనుషుల తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం, అది అంత పాతది కాకపోవచ్చని వాదించేవాళ్లున్నారు. ఈ అభ్యంతరం నిలిస్తే డిస్టెంపర్ అన్న పేరు పోతుంది. మూడు విడతల తీవ్రమైన జబ్బు మాత్రం పోదు, అది పంటి మీదే ఉంది.

రెండోది, బతకడం అంటే సేవ జరిగిందనే అర్థమా? కొన్ని గట్టి పిల్లలు ఎవరూ చూడకపోయినా బతుకుతాయి. తల్లి కుక్క తెచ్చి కక్కిన తిండితో బతికిందేమో. దీనికి పూర్తి జవాబు పళ్లలో దొరకదు. సమాధిలో కొంత దొరుకుతుంది. అదే పిల్లను ఇద్దరు మనుషుల పక్కన, వాళ్లతో కలిపి, జాజు చల్లిన గుంటలో పెట్టారు. ఎవరికీ పట్టని జంతువును అక్కడ పెట్టరు.

పిల్ల జబ్బుతోనే చనిపోయిందా, యజమానులు పోయారని చంపి పక్కన పెట్టారా అన్నది వేరే ప్రశ్న. ముగ్గురూ ఒకేసారి పూడ్చబడ్డారంటే రెండోదానికి కూడా తావుంది. అలా అయినా సేవ చేసిన వారాలు చెరిగిపోవు. ఆ కాలపు మనసులో ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు కాకపోవచ్చు.

అసలు తోడేలు మనిషి దగ్గరికి ఎందుకు వచ్చింది?

రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. తోడేళ్లే వచ్చాయనేది మొదటిది. మనిషి పారేసిన తిండి కోసం విడిది చుట్టూ తిరిగాయి, తక్కువ భయపడేవి ఎక్కువ తిన్నాయి, ఎక్కువ పిల్లల్ని కన్నాయి, తరాల మీద కుక్కలయ్యాయి. వినడానికి బాగుంది. అయితే ఈ కథ ఊళ్లు, చెత్తకుప్పలు ఉన్న కాలానికి సరిగ్గా సరిపోతుంది. ఒబెర్కాసెల్ జనానికి ఊరే లేదు. చోటు మారే వేటగాళ్లు తోడేళ్ల గుంపును ఏడాది పొడుగునా పోషించేంత పారేస్తారా?

ఇక్కడే 2021లో ఫిన్లాండ్ పరిశోధకులు ఒక ఆసక్తికరమైన లెక్క వేశారు. మంచుయుగపు చలికాలంలో వేట జంతువులు బక్కచిక్కి ఉంటాయి, ఒంట్లో కొవ్వు ఉండదు. మనిషి కొవ్వు, పిండి పదార్థం లేకుండా వట్టి మాంసం మీద బతకలేడు. కాలేయం ఒక హద్దు దాటి మాంసకృత్తులను అరిగించుకోలేదు. తోడేలుకు ఆ ఇబ్బంది లేదు. కాబట్టి మనిషికి పనికిరాని వట్టి మాంసం మిగిలేది, అది తోడేలుకు పెట్టినా మనిషి నోటి ముద్ద తగ్గేది కాదు. లెక్క బాగుంది, నిజంగా పెట్టారనడానికి ఎముకల సాక్ష్యం కావాలి.

రెండో కథ, మనుషులే గుహల్లోంచి తోడేలు పిల్లల్ని తెచ్చి పెంచారనేది. దీనికి వచ్చే ప్రశ్న తర్వాతది.

ఇప్పుడు తోడేలు పిల్లను తెచ్చి పెంచితే కుక్కవుతుందా?

కాదు. మచ్చికవుతుంది అంతే. మచ్చిక ఒక జంతువు జీవితంలో జరిగేది, దానితోనే పోతుంది. కుక్క కావడం తరాల మీద జన్యువుల్లో జరిగేది.

ఆస్ట్రియాలోని ఎర్న్‌స్ట్‌బ్రున్ తోడేళ్ల పరిశోధనా కేంద్రంలో, అంతకుముందు హంగరీలోని బుడాపెస్ట్‌లో, పిల్లలు కళ్లు తెరవకముందే తల్లి నుంచి తీసి, రాత్రింబగళ్లు మనుషులే సీసాతో పాలు పట్టి పెంచారు. మొదటి రెండు మూడు వారాలు దాటితే పని కష్టమవుతుంది. తోడేలు పిల్లకు కొత్తవాటిని చూసి బెదరడం చాలా త్వరగా మొదలవుతుంది. కుక్కపిల్లకు మాత్రం కొత్త మనుషుల్ని స్వీకరించే తలుపు దాదాపు మూడు నెలల దాకా తెరిచే ఉంటుంది. ఒబెర్కాసెల్ పిల్ల పూర్వీకుల్లో మారిన ముఖ్యమైన సంగతుల్లో బహుశా ఇదొకటి: ధైర్యం కాదు, భయం ఆలస్యంగా రావడం.

అలా పెంచిన తోడేళ్లతో బుడాపెస్ట్‌లో 2003లో ఒక పరీక్ష పెట్టారు. తాడు లాగితే మాంసం వస్తుందని కుక్కలకూ తోడేళ్లకూ నేర్పారు. నేర్చుకోవడంలో ఇద్దరూ సమానమే. తర్వాత తాడును కదలకుండా కట్టేశారు. తోడేలు లాగుతూనే ఉంది. కుక్క కాసేపు లాగి, వెనక్కి తిరిగి యజమాని మొహంలోకి చూసింది. కుక్క తెలివితక్కువదా, లేక ఎవరిని సాయం అడగాలో తెలిసినదా? మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి.

2021లో అమెరికాలో 44 కుక్కపిల్లలను, 37 తోడేలు పిల్లలను పోల్చారు. తోడేలు పిల్లలకే మనుషుల సాంగత్యం ఎక్కువ ఇచ్చారు, రాత్రుళ్లు పక్కన పడుకోబెట్టుకున్నారు. అయినా తెలియని మనిషి దగ్గరికి వెళ్లడంలో, చెయ్యి చూపిన గిన్నె ఎంచుకోవడంలో కుక్కపిల్లలే ముందున్నాయి.

అలాగని తోడేలుకు ఏమీ లేదనుకోకండి. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయంలో 13 తోడేలు పిల్లలకు ఎప్పుడూ చూడని మనిషి బంతి విసిరి పిలిస్తే, మూడు పిల్లలు బంతి తెచ్చి ఇచ్చాయి. ఎవరూ నేర్పలేదు. పదమూడింట్లో మూడు. కుక్కకు కావాల్సిన ముడిసరుకు కొన్ని తోడేళ్లలో ముందే ఉంది, అలాంటివే మనుషుల దగ్గర మిగిలాయి అనుకుంటే కథ చాలావరకు సరిపోతుంది.

రష్యాలో నక్కల్ని కుక్కల్లా మార్చారు కదా?

నోవోసిబిర్స్క్‌లో 1959లో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టి, ల్యుడ్మిలా ట్రుట్ కొనసాగించిన ప్రయోగం. ప్రతి తరంలో మనిషంటే తక్కువ బెదిరే నక్కల్నే జత కట్టించారు. కొద్ది తరాల్లోనే తోకలూపే, మనిషి వెంటపడే నక్కలు వచ్చాయి. ఆ భాగం గట్టిది. దాంతో పాటే మచ్చల ఒళ్లు, వంకర తోకలు కూడా వచ్చాయని చెప్పే భాగం మీద 2019లో ప్రశ్నలు లేచాయి. ఆ నక్కల పూర్వీకులు కెనడాలో బొచ్చు కోసం నక్కల్ని పెంచే ఫారాల నుంచి వచ్చినవి, అక్కడ దశాబ్దాలుగా పెంచినవి. మచ్చలు ప్రయోగానికి ముందే వాటిలో ఉన్నాయి.

కళ్లలోకి చూస్తే ఇద్దరికీ ప్రేమ హార్మోన్ పెరుగుతుందట?

జపాన్‌లో నాగసావా బృందం 2015లో ప్రచురించింది. యజమానిని, కుక్కను అరగంట ఒక గదిలో ఉంచి, ముందూ వెనకా మూత్రంలో ఆక్సిటోసిన్ అనే ఆ హార్మోన్‌ను కొలిచారు. ఎక్కువసేపు కళ్లు కలిపిన జంటల్లో ఇద్దరిలోనూ అది పెరిగింది. తల్లీబిడ్డల మధ్య జరిగేది ఇలాంటిదే. మనుషులు పెంచిన తోడేళ్లు కళ్లలోకి చూడలేదు, వాటిలో ఈ పెరుగుదల కనపడలేదు.

ఇంతవరకు పత్రికల్లో వచ్చింది. రానివి రెండున్నాయి. ఆక్సిటోసిన్‌ను ముక్కులో స్ప్రే చేసి చూసినప్పుడు ఆడకుక్కలు మాత్రమే ఎక్కువసేపు చూశాయి, మగవాటిలో ఆ తేడా రాలేదు. పైగా తోడేలు భాషలో రెప్ప వాల్చకుండా చూడటం అంటే బెదిరింపు. అది చూడకపోవడం బంధం లేకపోవడానికి గుర్తు కాదు, మర్యాద కావచ్చు. స్వీడన్ తోడేళ్లు, తమను పెంచిన మనిషి బయటికెళితే గదిలో అటూ ఇటూ తిరిగి, తిరిగొస్తే తేరుకోవడం 2022లో నమోదైంది.

అన్నం, రొట్టె అరిగించుకునే శక్తి వల్లే కుక్కలు మనతో చేరాయా?

అది తర్వాత వచ్చింది. పిండిని అరిగించే ఒక జన్యువుకు తోడేలులో 2 కాపీలుంటే, చాలా కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉంటాయని 2013లో తేలింది. కానీ వ్యవసాయం లేని చోట పెరిగిన కుక్కల్లో అవి తక్కువే. ఒబెర్కాసెల్ పిల్ల కాలానికి పొలమే లేదు.

మనిషితో కలిపి కుక్కను పూడ్చిన చోట్లు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహాలో సుమారు 12 వేల ఏళ్ల నాటి సమాధిలో ఒక పెద్దవయసు మనిషి చెయ్యి కుక్కపిల్ల ఒంటి మీద ఆనించి ఉంది. అమెరికాలో ఇల్లినాయ్‌లోని కోస్టర్‌లో సుమారు 10 వేల ఏళ్ల నాటి కుక్కలకు విడిగా గుంటలు తీసి పూడ్చారు. అక్కడ మనిషి తోడు కూడా లేదు, సమాధి కుక్కదే.

ఒబెర్కాసెల్‌లో రెండో కుక్క ఉందని విన్నాను.

ఉంది. 2018 నాటి పరిశీలనలోనే, పిల్ల ఎముకలతో కలిసిపోయిన ఒక దవడ పన్ను దానిది కాదని తేలింది. వయసు మళ్లిన, చిన్నపాటి ఇంకో కుక్కది. ఒక్క పన్నే మిగిలింది. మిగతా ఎముకలు ఆ గుంటలో ఎప్పుడూ లేవో, 1914లో కూలీలు మనుషుల ఎముకలు ఏరుకుంటూ రాళ్లతో పాటు బయటికి తోసేశారో ఇప్పుడు క్వారీలో వెతికి తెలుసుకునే వీలు లేదు.